పసుపు ఒళ్ళు, ఎర్ర కన్ను: ఫోటో చూసి బడ్జీని, లవ్ బర్డ్‌ని, కాకటీల్‌ని ఎలా గుర్తుపట్టాలి

ప్రశ్న: ఫోటోల్లో ఉన్న రెండు పసుపు పిట్టల్ని గాజువాకలో కొన్నాను. లవ్ బర్డ్స్ జత అని ఇచ్చారు. ఒకదాని కళ్ళు ఎర్రగా, ఇంకోదానివి నల్లగా ఉన్నాయి. ముక్కు మీద నీలం లేదు కాబట్టి రెండూ ఆడవే అని మా పక్కింటాయన అంటున్నారు. ఇవి అసలు ఏ పక్షులు? జతేనా?

జవాబు:

రెండూ బడ్జీలేనండి, జత కూడా నిజమే. ఎర్ర కళ్ళది మగది, నల్ల కళ్ళది ఆడది. నేను మాధవధారలో మా బాల్కనీలో చాలా ఏళ్ళుగా బడ్జీలు పెంచుతున్నాను. ఈ పసుపు పిట్టల ఫోటోలు పంపి అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఎలా తేల్చానో కాస్త వివరంగా రాస్తాను. రేపు ఇంకో పక్షి కొనేటప్పుడు మీరే చూసుకోవచ్చు.

ముందు రంగుని పక్కన పెట్టేయండి. పసుపు ఒళ్ళు, ఎర్ర కన్ను కలిసి ఉంటే దాన్ని లూటినో అంటారు. ఒంట్లో నలుపు రంగునిచ్చే మెలనిన్ లేకపోవడం వల్ల అలా అవుతుంది. అది బడ్జీలో వస్తుంది, కాకటీల్‌లో వస్తుంది, లవ్ బర్డ్‌లో వస్తుంది, చివరికి రామచిలుకలో కూడా వస్తుంది. కాబట్టి పసుపు రంగు చూసి ఏ జాతో చెప్పలేం. జాతి తెలియాలంటే ఒంటి ఆకారం చూడాలి, అందులోనూ తోక, ముక్కు మొదలు, తల పైభాగం చూస్తే సరిపోతుంది.

మీ రెండో ఫోటోలో పిట్ట పక్కకి తిరిగి ఉంది చూడండి, తోక ఒంటికి దాదాపు సమానంగా పొడుగ్గా, చివరికి సన్నగా ఉంది. లవ్ బర్డ్‌కి అలా ఉండదు, దాని తోక పొట్టిగా, మొద్దుగా కత్తిరించినట్టు ఉంటుంది. పైగా లవ్ బర్డ్ ముక్కు పెద్దది. మీ పక్షుల ముక్కు చిన్నగా ఈకల్లోకి దూరి ఉంది, దాని పైన నాసికా రంధ్రాలున్న కండ స్పష్టంగా ఉబ్బి కనిపిస్తోంది. ఆ కండని పెంచేవాళ్ళు సియర్ అంటారు. అది అంత బాగా కనపడేది ఈ మూడింటిలో బడ్జీకే. తల మీద కుచ్చు లేదు కాబట్టి కాకటీల్ ప్రశ్నే లేదు. కాకటీల్ సుమారు 30 సెంటీమీటర్లుంటుంది, లూటినో అయినా బుగ్గ మీద నారింజ రంగు గుండ్రటి మచ్చ ఉండి తీరుతుంది (ఆ నారింజ రంగే పుట్టని వైట్‌ఫేస్ రకం తప్ప). బడ్జీ 18 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది.

మన దగ్గర బడ్జీలని లవ్ బర్డ్స్ అని అమ్మడం మామూలే, అసలు లవ్ బర్డ్స్ కావాలంటే ఆఫ్రికన్ లవ్ బర్డ్స్ అని అడగాలి. లూటినో లవ్ బర్డ్ ఎలా ఉంటుందో కూడా చెప్తాను. ఎక్కువగా దొరికే పీచ్‌ఫేస్ రకంలో ఒళ్ళు పసుపు, మొహం ఎరుపు, నడుము మీద తోక మొదలయ్యే చోట తెలుపు. ఫిషర్స్ రకమైతే కంటి చుట్టూ ఈకల్లేని తెల్లటి వలయం, ఎర్ర ముక్కు. ఈ రెండిట్లోనూ ఫోటో చూసి ఆడో మగో చెప్పడం కుదరదు, ఈక గానీ రక్తం గానీ తీసి డీఎన్‌ఏ పరీక్ష చేయించాల్సిందే. బడ్జీల్లో ఆ ఇబ్బంది లేదు.

ఒక మాట మధ్యలో చెప్పాలి. ఎవరైనా పసుపు పిట్ట అమ్ముతూ పొడవు తోక, ఎర్ర ముక్కు చూపిస్తే అది రామచిలుక జాతిది కావచ్చు. మన అడవి రామచిలుకని పట్టడం, ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చిలుక పిల్లలని బుట్టల్లో పెట్టి అమ్మేవాళ్ళ దగ్గర దయచేసి కొనకండి.

ఇప్పుడు మీ మొదటి పిట్ట సంగతి. ఒళ్ళంతా పసుపు, రెక్క మీద గీతలు లేవు, బుగ్గ మచ్చలు నీలం కాకుండా తెల్లగా వెండిలా ఉన్నాయి, కాళ్ళు గులాబీ రంగు, కన్ను ఎరుపు. లూటినో బడ్జీ అనడానికి ఇంకేం కావాలి. మీ పక్కింటాయన పొరపడింది సియర్ దగ్గర. మామూలు బడ్జీల్లో పెద్ద మగదానికి సియర్ నీలంగా ఉంటుంది, కానీ లూటినో, తెల్ల ఒళ్ళు ఎర్ర కన్ను ఉండే అల్బినో, ఒంటి మీద రంగు మచ్చలు మచ్చలుగా ఉండే రిసెసివ్ పైడ్ మగవాటికి ఆ నీలం ఎప్పటికీ రాదు, ఎంత వయసొచ్చినా పిల్లప్పటి గులాబీ లేదా లేత ఊదా రంగులోనే ఉండిపోతుంది. మీదాని సియర్ మొత్తం ఒకే రంగులో నున్నగా, లేత ఊదాగా ఉంది, అందుకే మగది అన్నాను. లూటినో ఆడదైతే నాసికా రంధ్రాల చుట్టూ తెల్లటి వలయం కనపడేది, గుడ్ల సమయానికి సియర్ గోధుమ రంగుకి మారి పొలుసులు కట్టినట్టు అయ్యేది. నీలం లేదని మగ లూటినోలని ఆడవని అనుకుని, రెండు మగవాటిని ఒకే పంజరంలో పెట్టి గుడ్లెందుకు పెట్టట్లేదని అడిగేవాళ్ళు నాకు తరచూ కనపడుతుంటారు.

రెండోదాని విషయంలో కాస్త ఆలోచించాల్సి వచ్చింది. పసుపు ఒళ్ళు, నల్ల కన్ను ఉన్న బడ్జీ మూడు రకాలుగా రావచ్చు. ఒకటి డైల్యూట్, అందులో రెక్కల మీద చాలా లేతగా బూడిద గీతలు, పొట్ట మీద కొద్దిగా పచ్చదనం మిగిలి ఉంటాయి. మీ నాలుగో ఫోటోని బాగా పెద్దది చేసి చూశాను, గీత అనేదే లేదు, కాబట్టి అది కాదు. రెండోది డార్క్ ఐడ్ క్లియర్, మూడోది డబుల్ ఫ్యాక్టర్ స్పాంగిల్, అంటే స్పాంగిల్ గుణం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చినది. ఈ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తేడా కంట్లో తెలుస్తుంది. పెద్ద బడ్జీకి నల్ల పాప చుట్టూ సన్నటి తెల్ల వలయం ఉంటుంది కదా, డార్క్ ఐడ్ క్లియర్‌కి అది ఉండదు, కన్ను మొత్తం నల్లపూసలా ఉంటుంది. స్పాంగిల్‌కి వలయం ఉంటుంది, మీదానికి ఉంది. సియర్ గోధుమ రంగులో గరుకుగా ఉంది కాబట్టి ఆడది అన్నదాంట్లో అనుమానం లేదు, పెద్దదే కూడా. నాలుగు నెలల లోపు పిల్లలకి మాత్రం ఏ రకానికీ ఆ తెల్ల వలయం సరిగ్గా రాదు, అందుకని పిల్ల ఫోటో పంపి ఇది స్పాంగిలా కాదా అంటే నేనైతే ఇంకొన్ని నెలలు ఆగి మళ్ళీ ఫోటో తియ్యమంటాను.

మీ మూడో ఫోటోలో రెండు పిట్టల కళ్ళూ ఎర్రగా పడ్డాయి గమనించారా, అది ఫ్లాష్ వల్ల. ఫ్లాష్ వెలుగు కంటి లోపల నుంచి తిరిగొచ్చి నల్ల కన్ను కూడా ఎర్రగా కనపడుతుంది. దీనికి తలకిందులుగా రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీస్తే లూటినో కన్ను కూడా నల్లగా పడుతుంది. కన్ను మీదే అంతా ఆధారపడినప్పుడు ఈ రెండూ పనికిరావు. పొద్దున్నే బాల్కనీలో నీడపట్టున, ఫ్లాష్ ఆపేసి, పక్క నుంచి తియ్యండి. ఫోటో కోసం ఎండలో పెట్టకండి, మన వైజాగ్ ఉక్కపోతకి పంజరంలో పిట్ట త్వరగా వాడిపోతుంది. బాల్కనీకి గ్రీన్ నెట్ గానీ నీలం టార్పాలిన్ గానీ కట్టి ఉంటే దాన్ని పక్కకి తప్పించండి, ఆ రంగు పిట్ట మీద పడి తెల్ల పిట్ట కూడా నీలంగా కనపడుతుంది. పంజరం పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి అది కూడా ఫ్రేమ్‌లో ఉండేలా తీస్తే, కాగితం ఎంత తెల్లగా పడిందో చూసి అవతలివాళ్ళు మీ పిట్ట అసలు రంగు అంచనా వేయగలరు. ఒకటి పక్క నుంచి తోకతో సహా, ఒకటి ఎదురుగా సియర్ దగ్గర నుంచి, ఒకటి రెక్కల మీదుగా వెనక నుంచి, ఈ మూడు చాలు. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే కంట్లో వలయం లాంటి సన్న విషయాలు చెరిగిపోవు.

ఫోటో చూసి నేను చెప్పిన స్పాంగిల్ సంగతి నిజమా కాదా అన్నది గుడ్లు పెడితే మీకే తెలిసిపోతుంది. డబుల్ ఫ్యాక్టర్ స్పాంగిల్ అయితే పిల్లలన్నిటికీ ఆ రెండిట్లో ఒకటి తప్పకుండా వెళ్తుంది. లూటినో గుణం మాత్రం లింగంతో ముడిపడి వస్తుంది. పక్షుల్లో ఆడపిల్లకి ఆ గుణం ఉండే క్రోమోజోమ్ తండ్రి నుంచి ఒక్కటే వస్తుంది కాబట్టి, మీ లూటినో మగదానికి పుట్టే ఆడపిల్లలన్నీ పసుపు ఒంటితో ఎర్ర కళ్ళతో లూటినోలుగానే వస్తాయి, వాటిలో స్పాంగిల్ ఉన్నా పైకి కనపడదు. మగపిల్లలు ఆకుపచ్చగా వస్తాయి, రెక్క ఈకలు పసుపుగా ఉండి అంచున సన్నటి నల్ల గీత ఉంటుంది (మామూలు బడ్జీకి ఈక నల్లగా ఉండి అంచు పసుపు, దీనికి అది తారుమారు). పిల్లలు కళ్ళు తెరవకముందే మూసిన రెప్ప కింద నల్లగా కనిపిస్తే మగవి, గులాబీగా ఉంటే ఆడవి. ఇద్దరిలోనూ నీలం గుణం దాగి ఉంటే అక్కడక్కడా తెల్లటి ఎర్రకంటి పిల్ల, అంటే అల్బినో, లేదా నీలం మగపిల్ల పుడితే కంగారుపడకండి. మగపిల్లల్లో ఒక్కదానికైనా రెక్కలు మామూలు నల్ల గీతలతో వస్తే మీ ఆడది డబుల్ ఫ్యాక్టర్ స్పాంగిల్ కాదన్నట్టే, అప్పుడు ఆ పిల్ల రెక్కల ఫోటో, తల్లి కన్ను దగ్గర నుంచి తీసిన ఫోటో ఇక్కడే పెట్టండి, మళ్ళీ చూద్దాం.