టార్గెట్ మాలిక్యూల్‌లో మొదట ఏ బంధాన్ని కోయాలి?

"ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదువుతున్నాను. రియాక్షన్లన్నీ వచ్చు. కానీ టార్గెట్ ఇచ్చి రెట్రోసింథసిస్ రాయమంటే మొదటి గీత ఎక్కడ గీయాలో తెలియట్లేదు. మీరెలా ఆలోచిస్తారు?"

నేను ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, ఇప్పుడు పరవాడ ఫార్మా సిటీలో ఆర్ అండ్ డీలో ఉన్నాను. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకి బోర్డు మీద ముందు ఐబుప్రోఫెన్ వేసిస్తాను. బెంజీన్ రింగు, ఒక వైపు ఐసోబ్యూటైల్, దానికి పారాలో CH(CH3)COOH.

చాలామంది చెయ్యి రింగుకీ ఆ యాసిడ్ గొలుసుకీ మధ్య ఉన్న బంధం మీదకే పోతుంది. అక్కడ కోస్తే COOH పక్కనే ప్లస్ చార్జి మోసే ముక్క కావాలి. అలాంటిదాన్ని పుట్టించడం కష్టం. అందుకే ఒక కార్బన్ ఇవతలికి జరిగి COOH నే విడదీయండి. ఒక ముక్క CO2, రెండోది బెంజైలిక్ గ్రిన్యార్డ్. రెండూ సీసాలో ఉండగలిగేవే. గ్రిన్యార్డ్ క్లోరైడ్ నుంచి, క్లోరైడ్ ఆల్కహాల్ నుంచి, ఆల్కహాల్ కీటోన్ నుంచి వస్తాయి. కీటోన్ దాకా వచ్చారంటే రింగు పక్క బంధాన్ని ఇప్పుడు ధైర్యంగా కోయొచ్చు: ఎసిటైల్ క్లోరైడ్, AlCl3, ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ ఎసైలేషన్. ఐసోబ్యూటైల్ లావుగా ఉంటుంది కాబట్టి పారానే ఎక్కువ వస్తుంది.

మిగిలింది ఐసోబ్యూటైల్ బెంజీన్. ఐసోబ్యూటైల్ క్లోరైడ్‌తో నేరుగా పెడదామనుకుంటే హైడ్రైడ్ జరిగిపోయి టెర్షియరీ బ్యూటైల్ బెంజీన్ చేతికొస్తుంది. కాబట్టి టార్గెట్‌లో లేని C=O ని రింగు పక్కన మీరే రాసుకోవాలి. అప్పుడు ఐసోబ్యూటైరైల్ క్లోరైడ్‌తో ఎసైలేషన్ చేసి, క్లెమెన్సన్‌తో ఆ ఆక్సిజన్ తీసేయొచ్చు. పరీక్షలో మార్కులు పడేది ఇక్కడే. (పనిలోనైతే ఐసోబ్యూటైల్ బెంజీన్ డ్రమ్ముల్లో కొనేస్తాం, వెనక్కి నడవడం అక్కడితో ఆపేస్తాం.)

ఈ దారిలో కాగితం మీద కనపడని చిక్కు గ్రిన్యార్డ్ దగ్గరుంది. మన వైజాగ్ సముద్రపు గాలిలో ఈథర్ కాస్త తడిసినా గ్రిన్యార్డ్ చచ్చి, క్లోరైడ్ ఉన్నచోట ఉత్త ఇథైల్ గొలుసు మిగులుతుంది. పోనీ అంతా పొడిగానే ఉంచి క్లోరైడ్ గబగబా పోశారనుకోండి, తయారైన గ్రిన్యార్డ్ మిగతా క్లోరైడ్‌తో కలిసి డైమర్ అవుతుంది. రెండు సందర్భాల్లోనూ NaOH పొరలోకి వచ్చే యాసిడ్ తగ్గి, ఈథర్ పొరలో నూనె మిగులుతుంది. ఆ నూనెకి ఎన్ఎమ్ఆర్ తీయించండి. 1.2 దగ్గర ట్రిప్లెట్, 2.6 దగ్గర క్వార్టెట్ కనిపిస్తే తప్పు తేమది. అవి లేకుండా మిథైల్ డబ్లెట్లే ఉంటే డైమర్ అని అనుమానించండి. క్లోరైడ్‌ని సరిపడా పలచన చేసి, చుక్కచుక్కగా వేయాలి.

1992లో టెక్సస్‌లోని బిషప్‌లో మొదలైన ప్లాంటు ఇదే బంధాన్ని గ్రిన్యార్డ్ లేకుండా కట్టింది. అదే కీటోన్‌ని హైడ్రోజన్‌తో ఆల్కహాల్‌గా మార్చి, పెల్లాడియం సాయంతో CO ని చొప్పించింది. ఐసోబ్యూటైల్ బెంజీన్ నుంచి మొత్తం మూడే మెట్లు.