ప్రైవేటు మాస్టారిని పెట్టుకునే ముందు

బుజ్జమ్మా,

పండుకి ఇంట్లోనే ప్రైవేటు చెప్పించాలనుకుంటున్నావని, ఆదివారం ఇద్దరు మాస్టార్లు మాట్లాడటానికి వస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చీర బేరమాడటానికి కూడా నన్ను వెంటేసుకెళ్ళే పిల్లవి, మాస్టార్లని కూర్చోబెట్టి ప్రశ్నలడిగేదాకా వచ్చావా అని ముచ్చటేసింది. రాత్రి మాత్రం నిద్రపట్టలేదు.

జీతం, రోజులు, టైము ముందే తేల్చుకో. సర్టిఫికెట్లు చూడు గానీ మురిసిపోకు. నేను మురిసిపోయాను.

మీ అన్నయ్య నాలుగో తరగతప్పుడు మేం రాజోలు దగ్గర ఉండేవాళ్ళం. లెక్కల్లో దిట్ట అని ఊరంతా చెప్పుకునే ఒకాయన్ని పెట్టాను. నేనొక్క ప్రశ్న అడగలేదు, ఆయనా నన్నేమీ అడగలేదు. అరుగు మీద చాప వేస్తే గంటసేపు చెప్పి, కాఫీ తాగి వెళ్ళేవాడు. వాడి నోటుపుస్తకంలో ఒక్క కొట్టివేత ఉండేది కాదు. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ తీసి చూపించాను. క్వార్టర్లీలో లెక్కల్లో వందకి 18 వచ్చాయి. ఒళ్ళు మండి చెంప మీద ఒకటిచ్చాను. వాడు ఏడవలేదు. “మాస్టారు పలక మీద చేస్తారు, నేను పుస్తకంలోకి ఎక్కించుకుంటానమ్మా” అన్నాడు, చాలా మామూలుగా. మూడు నెలలు నేను చూసి మురిసిందంతా మాస్టారి లెక్కలే. అంతకు ముందు నెల నుంచీ సాయంత్రం అయ్యేసరికి వాడికి కడుపునొప్పి వచ్చేది. వాము నీళ్ళు పట్టాను గానీ ఎందుకొస్తోందని అడగలేదు. ఆ చెంపదెబ్బ వాడు మర్చిపోయానంటాడు, నేను నమ్మను.

అందుకే ట్రయల్ క్లాసు లేకుండా ఎవర్నీ ఖాయం చెయ్యకు. నలభై నిమిషాలు చాలు, దానికి డబ్బులివ్వు. ఊరికే చెప్పించుకోవడం మర్యాద కాదు. ఏం చెప్పాలో మాత్రం నువ్వే ఇవ్వు. వాళ్ళకి వదిలేస్తే పండుకి వచ్చిందే చెప్పి శభాష్ అనేస్తారు. తీసివేతల్లో సున్నా వస్తే తప్పుతున్నాడన్నావు కదా, ముందురోజు 402 లోంచి 178 తీసెయ్యమని వాడిచేత రాయించు. 376 అని రాశాడనుకో, ఆ కాగితమే మాస్టారి చేతిలో పెట్టి, ఓ మూల కూర్చుని చూడు.

“తప్పు, ఇలా చెయ్యాలి” అని పెన్ను లాక్కునేవాడు మా మాస్టారి లాంటివాడే. “ఇది ఎలా చేశావురా?” అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగేవాడిని చూసుకో. అప్పుడు పండు, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశానని చెబుతాడు. రెండులోంచి ఎనిమిది పోదు గనక ఎనిమిదిలోంచి రెండు తీశాడన్నమాట. 48 లోంచి 23 తీసేటప్పుడు ఆ పద్ధతి పనిచేసింది మరి, పిల్లాడి తప్పేముంది? తెలిసిన మాస్టారైతే నాలుగు వందనోట్లు, రెండు రూపాయి బిళ్ళలు అడుగుతాడు. ఒక వందని పది పదులుగా, అందులో ఒక పదిని పది రూపాయిలుగా వాడిచేతే మార్పిస్తాడు. మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు రూపాయిలు కళ్ళ ముందు ఉంటే 224 దానంతటదే వస్తుంది. మర్నాడు 503 లోంచి 267 ఇవ్వు, పక్కన ఎవరూ ఉండకూడదు. 236 రాస్తే ఎక్కింది. 364 రాస్తే క్లాసు బాగా జరిగినట్టు కనిపించిందంతే.

రెండో ఆయనకి అదే తప్పు ఇవ్వకు. మొదటాయన సరిచేసింది ఈయన ఖాతాలో పడుతుంది. ఎక్కాల్లోనో భాగహారంలోనో వాడు తడబడేది ఇంకోటి వెతుకు.

నువ్వు అడగాల్సింది ఒకటే: “మీ దగ్గర ఎవరికైనా ఎంత చెప్పినా రాకపోతే ఏం చేశారు?” అందరికీ వచ్చేసిందంటే నమ్మకు. మానేసిన పిల్లల తల్లి ఒకామెతో కూడా మాట్లాడు, ఉన్నవాళ్ళు పొగుడుతూనే ఉంటారు. ఆయన నిన్ను ఏం అడుగుతాడో అది ఇంకా ముఖ్యం. పాత పరీక్ష పేపర్లు చూపించండి, బడిలో ఎక్కడిదాకా అయింది, బడి నుంచి వచ్చి ఎన్నింటికి తింటాడు, ఇంట్లో చదివించేది ఎవరు, ఇదివరకటి మాస్టారు ఎందుకు మానేశారు, ఇలా అడగాలి. ఫీజు తప్ప ఏదీ అడగనివాణ్ణి కాఫీ ఇచ్చి పంపెయ్.

ఒక్క క్లాసులో ఓపిక తెలియదు, మొదటిరోజు అందరూ నవ్వుతూనే ఉంటారు. నెల రోజులకే మాట తీసుకో.

గది తలుపు మాత్రం వెయ్యనివ్వకు. హాల్లో కూర్చోబెట్టు, టీవీ నువ్వే మానుకో. చాదస్తమంటావు, అను. సాయంత్రం పూట కాలవగట్టు మీద సైకిలేసుకుని మాస్టారింటికి వాణ్ణి పంపే ఆలోచన కూడా పెట్టుకోకు, ఆయనే రావాలి.

ఈ ఉత్తరం అల్లుడుగారికి చూపించకు, చెంపదెబ్బ సంగతి ఉంది. ఆదివారం పండు రాసిన కాగితాలు పారెయ్యకుండా ఫోటో తీసి పంపు. కొట్టివేతలతో సహా.

మీ పెద్దమ్మ