అత్యవసర ద్వారం వరుసలో సీటు కొన్నాక మార్చేస్తే డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది కరీంనగర్. నేను, నా భార్య, ఆరేళ్ల పాప రియాద్ నుంచి హైదరాబాద్ వచ్చాం. ఆన్‌లైన్ చెకిన్ పేజీ అరబిక్‌లో తెరుచుకుంది. రంగులు చూసి, కాళ్లు చాపుకోవచ్చని 16C సీటుకు 120 రియాళ్లు కట్టాను. భార్య, పాప 22వ వరుసలో ఉన్నారు. విమానాశ్రయం కౌంటరులో, పిల్లతో వచ్చినవారు ఆ వరుసలో కూర్చోకూడదని నన్ను వెనక్కి మార్చారు. డబ్బు తిరిగి ఇవ్వబోమన్నారు. దీనిమీద కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే మిమ్మల్ని ఆ సీటు నుంచి మార్చడాన్ని మనం తప్పుపట్టలేం. ఆ డబ్బు ఉంచుకోవడాన్ని మాత్రం ప్రశ్నించవచ్చు. ఈ రెండింటినీ కలిపి ఫిర్యాదు రాస్తే మొదటిది రెండోదాన్ని కూడా ముంచేస్తుంది.

అత్యవసర ద్వారం పక్కన కూర్చున్నవారు ప్రమాద సమయంలో సిబ్బంది చెప్పింది అర్థం చేసుకుని, అవసరమైతే ఆ తలుపు తీయాలి. అందుకే చిన్నపిల్లలకు, గర్భిణులకు, కదలడానికి ఇబ్బంది ఉన్నవారికి అక్కడ సీటు ఇవ్వరు. చిన్నపిల్లలను చూసుకోవలసిన బాధ్యత ఉన్నవారినీ వద్దంటారు. అలాంటివారు ముందు తలుపు వైపు కాక పిల్లల వైపు పరుగెత్తుతారని వారి భయం. ఇది భద్రతకు సంబంధించిన నిర్ణయం కాబట్టి సిబ్బంది మాటే చెల్లుతుంది. మీ భార్య పాప పక్కనే ఉందన్న వాదన డబ్బు విషయంలో పనికొస్తుంది కానీ, సీటు విషయంలో నిలవదు.

ఇక డబ్బు సంగతి. చెకిన్ పేజీలోని సీట్ల పటంలో మీకు ఏమి చూపించారన్నదే ఇక్కడ కీలకం. సీట్ల పటం పక్కన రంగుల వివరణ ఉంటుంది. ఏ రంగు దేనికన్నది ఒక్కో సంస్థకు ఒక్కో రకం. అందుకే రంగును కాక, ఆ చిన్న గడి పక్కన రాసిన మాటను చూడాలి. متاح అంటే ఖాళీగా ఉంది, محجوز అంటే ఇప్పటికే తీసుకున్నారు, برسوم అంటే రుసుము ఉంది. కాళ్లకు ఎక్కువ చోటున్న సీట్లకు مساحة إضافية للأرجل అని ఉంటుంది. అత్యవసర ద్వారానికి مخرج الطوارئ అని రాస్తారు. మీ సీటు రంగుకు ఎదురుగా కాళ్లకు ఎక్కువ చోటన్న మాట ఒక్కటే ఉండి, అత్యవసర ద్వారమన్న మాట ఎక్కడా లేకపోతే మీ పక్షం బలంగా ఉంటుంది. సీటు నొక్కగానే షరతుల పెట్టె తెరుచుకుని, మీరు أوافق, అంటే అంగీకరిస్తున్నాను, అని నొక్కి ఉంటే బలహీనపడుతుంది. అరబిక్ రాదన్న కారణం ఒక్కటే చాలదు. పేజీ పైన భాష మార్చుకునే మీట ఉందా అని వారు తప్పక అడుగుతారు.

అయినా మీకు ఒక గట్టి ఆధారం ఉంది. పాప పేరు, పుట్టిన తేదీ మీ బుకింగ్‌లోనే ఉన్నాయి. పిల్లతో వచ్చినవారికి ఆ వరుస ఇవ్వకూడదన్నది వారి నియమమే అయినప్పుడు, ఆ వివరం చేతిలో పెట్టుకుని మీకు ఆ సీటు అమ్మడం సేవాలోపం. నేనైతే నోటీసును ఈ ఒక్క అంశం మీదే నిలబెడతాను. غير قابل للاسترداد, అంటే తిరిగి ఇవ్వబడదు, అన్న వాక్యాన్ని వారు చూపిస్తారు. అమ్మిన సీటు ఇచ్చినప్పుడు ఆ వాక్యానికి విలువ ఉంటుంది. తామే అమ్మకూడని సీటు అమ్మి, దాన్ని ఇవ్వకుండా ఆ వాక్యం వెనుక దాక్కోవడం న్యాయం కాదని గట్టిగా వాదించవచ్చు.

ఆధారాలు ఇప్పుడే పోగుచేసుకోండి. సీటు రుసుముకు టికెట్ నంబరు కాక వేరే రసీదు నంబరు ఉంటుంది, ఈమెయిల్‌లో వెతకండి. 16C ఉన్న పాత బోర్డింగ్ పాస్, మార్చాక ఇచ్చిన కొత్తది, కార్డు స్టేట్‌మెంటు జతచేయండి. చెకిన్ పేజీ ఇప్పుడు తెరుచుకోకపోవచ్చు. అప్పుడు అదే సంస్థ వెబ్‌సైటులో కొత్త బుకింగ్ మొదలుపెట్టి, అదే రకం ప్రయాణికుల వివరాలతో సీట్ల పటం వరకూ వెళ్లండి. డబ్బు కట్టకుండా ఆగి, రంగుల వివరణను, షరతుల పెట్టెను తేదీ కనబడేలా ఫొటో తీసుకోండి. అది మీరు ఆ రోజు చూసిన పేజీయే అని రుజువు కాకపోయినా, పిల్ల ఉన్నా వారి వ్యవస్థ అడ్డు చెప్పదన్నది తెలుస్తుంది.

ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి జవాబుకు గడువు ఇవ్వండి. ప్రయాణం సౌదీ నుంచి మొదలైంది కాబట్టి అక్కడి పౌర విమానయాన సంస్థ గాకాకు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఫలితం లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, రియాద్‌కు గానీ, సంస్థ కార్యాలయం ఉన్న ఊరికి గానీ వెళ్లనక్కరలేదు. రూ.5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు, సంఘటన జరిగిన నాటి నుంచి 2 సంవత్సరాలు.