యానిమేషన్ షార్ట్‌కి తెలుగు డబ్బింగ్: నోరు, మాట కలవాలంటే ఎలా?

ప్రశ్న: "పది నిమిషాల ఇంగ్లీషు యానిమేషన్ షార్ట్‌ని తెలుగులోకి డబ్ చేస్తున్నాం, అనుమతి ఉంది. సబ్‌టైటిల్స్ కూడా మేమే చేయాలి. డైలాగ్ తెలుగులో పెట్టగానే పొడుగైపోతోంది, నోరు ఒకచోట మాట ఒకచోట. బొమ్మని మళ్లీ యానిమేట్ చేయించే డబ్బు లేదు. ఏం చేయాలి?"

చిన్న సినిమాలకు డబ్బింగ్ రాసే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. డైలాగ్ అనువాదం మొదలుపెట్టకముందే షాట్లను వేరు చేసుకోండి. పాత్ర వీపు మనకు కనిపిస్తున్నా, దూరంగా నిలబడి ఉన్నా, నోటి మీద మీసమో ముసుగో ఉన్నా అక్కడ మాట మొదలయ్యే క్షణం, ముగిసే క్షణం కలిస్తే చాలు. మధ్యలో మీ ఇష్టం. అసలు శ్రమ క్లోజప్‌లదే. పది నిమిషాల సినిమాలో అవి మీరు భయపడినన్ని ఉండవు.

క్లోజప్‌లో కూడా నోటి ప్రతి కదలికా కలవక్కర్లేదు. కన్ను పట్టేసేది ముఖ్యంగా ఒక్కటే, పెదవులు మూసుకునే చోటు. అంటే ప, బ, మ అక్షరాలు. బొమ్మ పెదవులు మూసి ఉంటే చెవికి "ఆ" వినపడకూడదు, నోరు బార్లా తెరిచి ఉంటే "మ" వినపడకూడదు. దాని తర్వాత స్థానం ఉ, ఒ లాంటి గుండ్రటి అచ్చులది. త, ట, క, న, ల నోటి లోపల పలుకుతాయి కాబట్టి వాటి గురించి టెన్షన్ పడొద్దు.

మూసుకునే చోట్లు పట్టుకోవడానికి నేను mpv ప్లేయర్ వాడతాను. పాజ్ చేసి `.` నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకు, `,` నొక్కితే ఒక ఫ్రేమ్ వెనక్కి వెళ్తుంది. ఒక్కో క్లోజప్‌కీ పెదవులు మూసిన ఫ్రేముల నంబర్లు కాగితం మీద రాసుకోండి. తెలుగు వాక్యాన్ని ఆ నంబర్ల దగ్గర మొదలుపెట్టి రెండు పక్కలకీ కట్టుకుంటూ పోవాలి. ముందు చక్కగా అనువాదం చేసి తర్వాత నోటికి సరిపెడదామంటే ఎప్పటికీ తెమలదు.

ఒక ఉదాహరణ చూద్దాం. నానమ్మ క్లోజప్, మనవడి చెయ్యి పెట్టె మూత మీద ఉంది. ఇంగ్లీషులో ఆవిడ "ప్లీజ్... డోంట్ ఓపెన్ దట్ బాక్స్" అంటుంది. షాట్ సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 60 ఫ్రేములు, అంటే రెండున్నర సెకన్లు. పెదవులు మూడుచోట్ల మూసుకుంటాయి: 1వ ఫ్రేమ్ దగ్గర "ప్లీజ్", 33 దగ్గర "ఓపెన్"లోని ప, 48 దగ్గర "బాక్స్". 13 నుంచి 18 దాకా చిన్న విరామం. 19 దగ్గర "డోంట్" అంటూ తల అడ్డంగా ఊపుతుంది.

"దయచేసి ఆ పెట్టె తెరవొద్దు" అని రాస్తే ఏ నానమ్మా అలా మాట్లాడదన్నది అటుంచండి, మొదట్లోనే పెదవులు కలవవు. అంతకన్నా పెద్ద చిక్కు "వద్దు" ఆఖర్న రావడం. తల ఊపేసిన సెకను తర్వాత వద్దనే మాట వినపడితే బొమ్మ వేరు, గొంతు వేరు అయిపోతాయి. తమిళం నుంచి రాసేవాళ్లకు ఈ బాధ తక్కువ, అక్కడా క్రియ చివరే వస్తుంది. ఇంగ్లీషుతో మాత్రం ప్రతి రెండో డైలాగ్‌లో ఎదురవుతుంది.

నేనైతే ఇలా రాస్తాను: "బిడ్డా... వద్దు, ఆ పెట్టె ముట్టకు."

"బి" దగ్గర పెదవులు మూసుకుని సాగుతాయి, "ప్లీ" లాగే. "వద్దు" తల ఊపే చోట పడింది, దాని చివరి ఉకారం "ఓపెన్"లోని గుండ్రటి నోటికి దగ్గరగా వచ్చింది. "పె" 33 మీద, "ము" 48 మీద కూర్చుంటాయి. అర్థం తెరవకు నుంచి ముట్టకు అయింది కానీ చెయ్యి మూత మీదే ఉంది కదా, తెరవబోతున్నాడని బొమ్మే చెబుతోంది. లోపం లేకపోలేదు. "బాక్స్" అన్నప్పుడు తెరిచిన నోరు "ముట్ట" దగ్గర కొంచెం ఎక్కువ తెరిచినట్టే ఉంటుంది. పెదవులు సరైన చోట మూసుకున్నాయి కాబట్టి దాన్ని వదిలేయొచ్చు. ఈ నానమ్మ తెలంగాణ మనిషి అయింది కాబట్టి "బిడ్డా" కుదిరింది. ఆ యాసే సినిమా అంతా నిలబెట్టాలి, ఒక్క డైలాగ్ కోసం యాస మార్చకూడదు.

పొడుగు తగ్గించడానికి ముందు సర్వనామాలు తీసేయండి. "నేను వెళ్ళిపోతున్నాను" అనక్కర్లేదు, "వెళ్తున్నా" చాలు, ఎవరు వెళ్తున్నారో క్రియలోనే ఉంది. అయినా పట్టకపోతే అర్థంలో కొంత కోయండి. గబగబా చెప్పమని ఆర్టిస్టుని తరిమితే మాత్రం వార్తలు చదివినట్టు ఉంటుంది.

రికార్డింగ్ తర్వాత ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ అయితే గొంతుని సాగదీయకండి. తెలుగులో ట్ట, క్క, ప్ప లాంటి ఒత్తుల్లో చిన్న నిశ్శబ్దం ఉంటుంది, వేవ్‌ఫారమ్‌లో సన్నని గీతలా కనిపిస్తుంది. పై డైలాగ్‌లో "ము" ఒక ఫ్రేమ్ ఆలస్యమైతే "పెట్టె"లోని ఆ నిశ్శబ్దంలో ఒక ఫ్రేమ్, అంటే సుమారు 42 మిల్లీసెకన్లు కోస్తే సరిపోతుంది. గొంతు చెక్కుచెదరదు. పొరపాటు పడాల్సివస్తే ఆలస్యం వైపే పడండి. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం ప్రకారం శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే తేడా తెలిసిపోతుంది, వెనకబడితే 125 దాకా తెలియదు. మన లెక్కలో ఒక ఫ్రేమ్ ముందు, మూడు ఫ్రేములు వెనక.

నిర్మాతల దగ్గర మాటలు లేని ట్రాక్ (ఎం అండ్ ఈ అంటారు) ముందే అడిగి తీసుకోండి. అందులో పాత్రల నిట్టూర్పులు, నవ్వులు, ఉలికిపాట్లు సాధారణంగా ఉండవు, వాటినీ మీ ఆర్టిస్టుల చేతే చేయించాలి. ఇంగ్లీషు ట్రాక్‌లోంచి నవ్వు తెచ్చి అతికిస్తే అక్కడ గొంతు మారిపోతుంది.

ఇక సబ్‌టైటిల్స్. డబ్బింగ్ స్క్రిప్ట్‌ని కాపీ చేసి ఇంగ్లీషు ఆడియో కింద వేయకండి. అక్కడ పెదవుల గొడవ లేదు, అసలు అర్థమే రాయొచ్చు:

```
12
00:01:41,250 --> 00:01:43,750
వద్దు బిడ్డా, ఆ పెట్టె తెరవకు.
```

తెలుగు ఆడియో కింద వేసే సబ్‌టైటిల్స్ మాత్రం వినిపించే మాటలే ఉండాలి. అంటే రెండు ఫైళ్లు. సెకనుకి ఎన్ని అక్షరాలు చదవాలన్న వేగం లెక్క దగ్గర కూడా కాస్త చూసుకోండి. పై వాక్యంలో ఖాళీలతో కలిపి యూనికోడ్ గుర్తులు 30, కానీ మనిషి చదివే అక్షరాలు 11. గుణింతాన్నీ ఒత్తునీ విడిగా లెక్కించే సాఫ్ట్‌వేర్ అయితే ఊరికే ఎర్రగా హెచ్చరిస్తుంది. అలాంటప్పుడు పైకి చదివి చూసుకోవడమే నమ్మకం.

సబ్‌టైటిల్స్‌ని వీడియోలోకే ఎక్కించేటప్పుడు ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయంటే అక్షరాల కూర్పు సరిగ్గా జరగడం లేదన్నమాట. Aegisub అనే సబ్‌టైటిల్ ఎడిటర్ నుంచి ASS ఫైల్‌గా సేవ్ చేసి, స్టైల్‌లో Noto Sans Telugu ఫాంట్ పెట్టి, ffmpeg ని ఇలా నడపండి:

```
ffmpeg -i film.mp4 -vf "ass=te.ass:shaping=complex" -c:a copy out.mp4
```

రెండు లైన్ల సబ్‌టైటిల్ ఉన్నచోట ఆపి, పై లైన్ ఒత్తులు కింది లైన్ గుడులకి తగులుతున్నాయేమో చూడండి. తగులుతుంటే సైజు కాస్త తగ్గించండి, లేదా ఆ వాక్యాన్ని రెండు సబ్‌టైటిల్స్‌గా విడగొట్టండి.