సభ వేదిక మారినప్పుడు మెసేజ్ ఎలా పెట్టాలి?

"ఆదివారం మా కథల సభ లామకాన్ నుంచి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి మారింది. 6కి బదులు 5:30కే రావాలి. వాట్సాప్‌లో ఎలా చెబితే అందరికీ అందుతుంది?"

"ముఖ్య గమనిక", "మిత్రులారా" అని మొదలుపెట్టకండి. నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి ముక్కే కాబట్టి మార్పు అక్కడే ఉండాలి:

"ఆదివారం సభ లామకాన్‌లో కాదు, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో. సాయంత్రం 5:30కల్లా రండి. మియాపూర్ వైపు వాళ్లు మెట్రో రెడ్ లైన్‌లో ఎంజీబీఎస్ దాకా వచ్చి, గ్రీన్ లైన్‌కి మారి చిక్కడపల్లిలో దిగండి. అక్కడి నుంచి ఆటో."

పాత చోటు పేరు తప్పక రాయండి. అది లేకపోతే చాలామంది ఇది వేరే సభ అనుకుంటారు. ఆటోవాళ్లకు "విజ్ఞాన కేంద్రం" అని పూర్తిగా చెప్పమనండి, ఎందుకంటే బాగ్‌లింగంపల్లిలోనే సుందరయ్య పార్కు కూడా ఉంది. మ్యాప్ లింకు పంపేముందు మీరే ఒకసారి నొక్కి, పిన్ గేటు దగ్గరే పడిందో లేదో చూడండి.

టైము ఒక్కటే ఇవ్వండి. "5:30కి రాక, 6కి ప్రారంభం" అని రెండూ రాస్తే జనం 6నే గుర్తుపెట్టుకుంటారు.

పాత మెసేజ్‌ను పంపిన 15 నిమిషాల తర్వాత ఎడిట్ చేయలేరు. పైగా పాత పోస్టరు ఈపాటికి వేరే గ్రూపులకూ వెళ్లి ఉంటుంది. అందుకే కొత్త పోస్టరు రంగు మార్చి, "వేదిక మారింది" అని పైనే పెద్దక్షరాల్లో వేయండి. కొత్త మెసేజ్‌ను గ్రూపులో 7 రోజులకు పిన్ చేయండి. ఆదివారం పొద్దున మళ్లీ పంపండి. లామకాన్ గేటు దగ్గర 6:30 దాకా ఒక మనిషిని ఉంచడం మాత్రం మానొద్దు.