వాన చారలు పోవాలి, చేతివేళ్లు మిగలాలి

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. వానలో, మంచులో తీసిన వీడియోల్లోంచి చారలు తీసేసి మనిషి స్పష్టంగా కనిపించేలా చేయడంపై ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. నెట్‌లో దొరికే మోడల్ తెచ్చి నడిపి చూపిస్తే సరిపోతుందా? దీన్ని నమ్ముకుంటే ఉద్యోగం వస్తుందా?

జవాబు: మోడల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఏడు ఫ్రేములతో చేతులు తడుపుకోండి. వాన వీడియోలో ఎలా కనిపిస్తుందో తెలియకుండా మోడల్ నడిపినవాళ్లు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోవడం చాలాసార్లు చూశాను. మొదటి ప్రశ్న 'ఏం చేశావు?' రెండోది 'ఎందుకు పనిచేసింది?'

పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో పడుతుంది. కెమెరా షట్టర్ సెకనులో 60వ వంతు తెరిచి ఉందనుకుందాం. ఆ కాస్త వ్యవధిలోనే చినుకు 15 సెంటీమీటర్లు జారిపోతుంది. మనకు చుక్క బదులు చార కనిపించేది అందుకే. షట్టర్‌ను సెకనులో 1000వ వంతుకు తగ్గిస్తే ఆ చార 9 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. అంటే వాన చారల్లో సగం కథ షూటింగ్ దగ్గరే తేలిపోతుందన్నమాట. తర్వాతి ఫ్రేము తీసేసరికి ఆ చినుకు అక్కడుండదు. కాబట్టి ఒక పిక్సెల్‌ను పట్టుకుని వరుసగా చూస్తే, ముందు ఫ్రేములో గోడ, ఈ ఫ్రేములో చార, తర్వాతి ఫ్రేములో మళ్లీ గోడ.

2004లో కొలంబియా యూనివర్సిటీలో క్షితిజ్ గర్గ్, శ్రీ నాయర్ పట్టుకున్న సూత్రానికి మూలం ఇదే. ఒక పిక్సెల్ ఒక్క ఫ్రేములో మాత్రం కాస్త వెలిగి, అటూ ఇటూ ఉన్న ఫ్రేముల్లో ఒకేలా ఉంటే అక్కడ చినుకు పడి ఉండొచ్చని అనుమానించారు. వెలగడమే ఎందుకంటే, చినుకు చిన్న గాజుగోళీలా పనిచేస్తుంది. చాలా వెడల్పైన కోణం నుంచి, ముఖ్యంగా ఆకాశం నుంచి వచ్చే వెలుతురును పోగేసి కెమెరాకు అందిస్తుంది. నల్ల చొక్కా ముందు వాన కొట్టొచ్చినట్టు కనిపించి, తెల్లగోడ ముందు కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక చేసి చూడండి. కెమెరాను స్టాండ్ మీద బిగించి, వానలో కదలని వస్తువును తీయండి. ఏడు ఫ్రేములు తీసుకుని ప్రతి పిక్సెల్‌కూ మధ్యగతం, అంటే మీడియన్, కట్టండి.

```python
import cv2, numpy as np
cap = cv2.VideoCapture("rain.mp4")
f = []
while len(f) < 7:
    ok, img = cap.read()
    if not ok: break
    f.append(img)
out = np.median(f, axis=0).astype(np.uint8)
d = cv2.absdiff(f[3], out)
cv2.imwrite("clear.png", out)
cv2.imwrite("diff.png", cv2.convertScaleAbs(d, alpha=4))
```

clear.png చూసి మీరే ఆశ్చర్యపోతారు. ఇంత చిన్న ప్రోగ్రాంతో వాన మాయం. అసలు చూడాల్సింది మాత్రం diff.png. అది నడిమి ఫ్రేముకూ శుభ్రం చేసిన బొమ్మకూ ఉన్న తేడా, నాలుగింతలు పెంచి చూపించేది. అందులో చారలు, కాస్త కెమెరా నాయిస్ మాత్రమే ఉండాలి. కిటికీ అంచులు గానీ, ముఖం గీతలు గానీ కనిపించాయంటే మీ పద్ధతి వానతోపాటు వస్తువునూ తినేస్తోందని అర్థం. చాలామంది ఫలితాన్ని చూసి మురిసిపోతారు, తేడా బొమ్మను చూడనే చూడరు.

ఇప్పుడు అదే వానలో ఒక మనిషి నడుస్తూ చెయ్యి ఊపుతున్నట్టు తీయండి. నడక సెకనుకు 1.4 మీటర్లు, వీడియో సెకనుకు 30 ఫ్రేములు అనుకుంటే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య మనిషి దాదాపు 5 సెంటీమీటర్లు జరుగుతాడు. ఊగే వేళ్లు ఇంకా వేగంగా కదులుతాయి కాబట్టి ఒకే పిక్సెల్ దగ్గర ఒకటి రెండు ఫ్రేముల్లోనే ఉంటాయి. మీడియన్ దృష్టిలో ఆ వేలికీ వాన చారకూ తేడా లేదు. రెండింటినీ తుడిచేస్తుంది. మనిషి ఉంటాడు, వేళ్లుండవు. మీ ప్రాజెక్టు మొదలయ్యేది ఇక్కడే.

మామూలుగా చేసేదేమిటంటే, ఆప్టికల్ ఫ్లోతో ప్రతి పిక్సెల్ ఎటు కదిలిందో లెక్కగట్టి, పక్క ఫ్రేములను నడిమి ఫ్రేము మీదికి సరిపోయేలా జరిపి, ఆ తర్వాత మీడియన్ కట్టడం. ఇందులో ఓ చిక్కుంది. కదిలినా పిక్సెల్ వెలుతురు మారదన్న నమ్మకం మీదే ఫ్లో నడుస్తుంది. చార ఆ నమ్మకాన్నే దెబ్బకొడుతుంది. వాన పోవాలంటే ఫ్లో కావాలి, ఫ్లో సరిగ్గా రావాలంటే వాన పోవాలి. అందుకని ముందు ఫ్రేములను కాస్త మసకబార్చి ముతకగా ఫ్లో తీసి, ఓ విడత శుభ్రం చేసి, మళ్లీ ఫ్లో తీస్తారు. రెండు విడతల తర్వాత వేళ్లు ఎంతవరకు తిరిగొచ్చాయో పక్కపక్కన పెట్టి చూపించండి. మీ రిపోర్టుకు అదొక్కటి చాలు.

మంచును మాత్రం వానకు తమ్ముడని అనుకోకండి. మంచు నెమ్మదిగా, సెకనుకు ఒకటి రెండు మీటర్ల వేగంతో, గాలికి వంకర్లు పోతూ దిగుతుంది. లెన్సుకు దగ్గరగా వచ్చిన మంచు తునక ఫోకస్ తప్పి పెద్ద తెల్లమచ్చ అవుతుంది. పైగా ఒకటి పోయిన చోటికే ఇంకోటి వస్తుంది. ఒక పిక్సెల్‌ను ఏ ఫ్రేములోనైనా మంచు కప్పే అవకాశం 5 శాతం అనుకోండి. మూడు ఫ్రేముల మీడియన్ తప్పాలంటే కనీసం రెండింట్లో మంచుండాలి. లెక్కకడితే 0.7 శాతమే. అదే అవకాశం 30 శాతమైతే తప్పు దాదాపు 22 శాతానికి ఎగబాకుతుంది. ఏడు ఫ్రేములు తీసుకున్నా 13 శాతం దగ్గర ఆగుతుంది. ఫ్రేములు పెంచుకుంటూ పోదామా అంటే, ఆలోగా మనిషి నడిచి వెళ్లిపోతాడు. ఒక ఫ్రేముకు తగిలే మంచు మరో ఫ్రేముతో సంబంధం లేనిదన్న ఊహ మీద వేసిన లెక్క ఇది. లెన్సు ముందే తచ్చాడే పెద్ద మచ్చల విషయంలో పరిస్థితి ఇంతకన్నా అధ్వానం.

ఇక మోడల్. Rain100H లాంటి పేరున్న డేటాసెట్లలో వాన చాలావరకు కంప్యూటర్‌తో గీసిందే. శుభ్రమైన ఫొటో మీద చారలు అతికించి తయారుచేస్తారు. ఒకే చోట, ఒకే క్షణాన, వానతో ఒకటీ వాన లేకుండా ఒకటీ ఫొటో తీయడం కుదరదు మరి. అక్కడ మంచి మార్కులు తెచ్చుకున్న మోడల్, మీ సొంత వీడియో దగ్గర చారలను వదిలేసి గ్రిల్లు కమ్మీలను చెరిపేయొచ్చు. దూరపు వాన చారలుగా కాక పొగమంచులా పరుచుకుంటుంది, అదీ అతికించిన చారల్లో సరిగా ఉండదు. అందుకే మోడల్‌ను, మీ మీడియన్‌ను ఒకే క్లిప్పు మీద నడిపి రెండింటి diff.png పెట్టండి. మోడల్ ఓడిన చోటు దొరికితే దాచకండి.

ఉద్యోగం మాట. 'వాన తీసేవాళ్లు కావాలి' అని ప్రకటన రాదు. ఈ పని కెమెరాలు, కార్లు, నిఘా వీడియోలు చూసే కంప్యూటర్ విజన్ బృందాల్లో పెద్ద పనిలో ఓ ముక్క. విజువల్ ఎఫెక్ట్స్‌లో అయితే పెయింట్, క్లీనప్ విభాగాల్లో ఉంటుంది. అక్కడ లెక్కల కన్నా ఫ్రేము ఫ్రేముకూ కూర్చుని మాస్కు గీసే ఓపిక కావాలి. వేళ్లు ఎందుకు పోయాయో తవ్వుతూ రాత్రయిందే తెలియకపోతే మీది మొదటి దారి. పోయిన వేళ్లను పక్క ఫ్రేములోంచి తెచ్చి అతికించడంలో మజా దొరికితే రెండోది. నా ఓటు మాత్రం, ఇంజినీరింగ్ చదువుతున్నారు కాబట్టి, మొదటిదానికే.

ఇంటర్వ్యూలో ఒకటి కచ్చితంగా అడుగుతారు: ఏడు ఫ్రేముల్లోనూ మంచు కప్పిన చోట ఏముందో ఎలా తెలిసింది? మీడియన్ అక్కడ మంచునే చూపిస్తుంది, మోడల్ అయితే ఊహించి గీస్తుంది. నంబరు ప్లేటు మీద అంకె అలా వచ్చిందైతే అది చూసిన అంకె కాదు. అలాంటి చోట్లను మీ వీడియోలో ఎర్రరంగుతో గుర్తుపెట్టి తీసుకెళ్లండి.