సెన్సార్ ఆరితే వాల్వ్ తెరువు, తడిస్తే మూసెయ్ అంటే కుదరదు

ప్రశ్న: బత్తాయి తోటకి ఈఎస్‌పీ32తో సొంతంగా డ్రిప్ కంట్రోలర్ చేస్తున్నా. సెన్సార్ ఆరితే వాల్వ్ తెరవాలి, తడిస్తే మూయాలి అని కోడ్ రాశా. ఒక్కోసారి నీళ్ళు ఎక్కువ, ఒక్కోసారి అసలు పడట్లేదు. షెడ్యూల్ అదే నేర్చుకునేలా ఎలా చేయాలి?

జవాబు: నేను కూడా మొదట అచ్చం ఇలాగే రాశానండి, మాది రెండెకరాల బత్తాయి, ఎర్ర నేల, నాలుగు వాల్వులు. రెండు చోట్ల దెబ్బతిన్నా. ఒకటి, డ్రిప్పర్ నీళ్ళు అడుగు లోతులో ఉన్న సెన్సార్ దాకా దిగడానికి ముప్పావుగంట పైనే పట్టేది, సెన్సార్ తడిసింది కదా అని వాల్వ్ మూసినా పైన ఉన్న నీళ్ళు సాయంత్రం దాకా దిగుతూనే ఉంటాయి. రెండోది కరెంటు. మా దగ్గర వ్యవసాయ కరెంటు పగలు తొమ్మిది గంటలే, సెన్సార్ సాయంత్రం ఏడింటికి ఆరిపోయిందని చెబితే మోటార్ ఎలా ఆడిద్ది? అందుకే "ఇప్పుడు ఆరిందా" అని కాదు, "రేపు పొద్దుటికి ఆరిపోతదా" అని అడగాలి. నేర్చుకోవడం అంటే ఇక్కడ ఇంతే, మెషిన్ లెర్నింగ్ అంత పెద్ద మాటలేం అక్కర్లేదు.

వాల్వ్‌కి రెండు కెపాసిటివ్ సెన్సార్లు పెట్టండి, ఒకటి 20 సెంటీమీటర్ల లోతులో, ఇంకోటి 50లో, డ్రిప్పర్‌కి జానెడు దూరంలో. గ్లాసు నీళ్ళలో ముంచి క్యాలిబ్రేట్ చేసేది వదిలేయండి. బాగా నీళ్ళు పెట్టి మర్నాడు పొద్దున ఎంత చూపిస్తే అది "ఫుల్". నాకు పై సెన్సార్ 1480 వచ్చింది (వీటిలో ఆరేకొద్దీ అంకె పెరుగుద్ది). తర్వాత నీళ్ళు ఆపేసి గ్రాఫ్ చూడండి, పగలు అంకె పెరిగి రాత్రి నిలబడి మెట్లు మెట్లుగా కనపడుద్ది, పగలు చెట్టు తాగుతోంది రాత్రి ఆగుతోంది అని. ఎండ అదే ఉన్నా మెట్టు చిన్నదవడం మొదలైతే చెట్టుకి నీళ్ళు అందడం కష్టమవుతోందని అర్థం, దానికి కాస్త ముందే గీత గీయాలి. నా గీత 1750. రాత్రి కూడా అంకె పెరుగుతుంటే అది చెట్టు తాగేది కాదు, కిందికి దిగిపోయేది, దాన్ని లెక్కలో కలపొద్దు.

ఇక రోజూ పొద్దున కరెంటు రాకముందు ఇది:

```
if (now + drop >= refill) runZone(z, mins[z]);
```

`now` అంటే ఆ పొద్దున పై సెన్సార్ చూపించే అంకె, `refill` అంటే మనం గీసిన గీత, `drop` అంటే నీళ్ళు పెట్టని చివరి మూడు రోజుల పగటి మెట్ల సగటు. ఏప్రిల్‌లో మాకు 130 వచ్చేది, అంటే తడి పెట్టిన మర్నాడు 1490, దానికి 130 కలిపితే 1620, ఆగొచ్చు. ఆ తర్వాతి రోజు 1620 ప్లస్ 130, సరిగ్గా 1750, పెట్టాల్సిందే. రోజు మార్చి రోజు అన్నమాట. డిసెంబర్‌లో మెట్టు 40కి పడిపోతే అదే కోడ్ వారానికి ఒకసారి పెడుతుంది, మనం ముట్టుకోకుండానే. వాన పడితే వాల్వ్ తెరవకుండానే అంకె తగ్గుద్ది, ఆ రోజుని సగటులో వేయొద్దు.

`mins` కూడా అదే సర్దుకుంటది. నేను 90 నిమిషాలతో మొదలెట్టా. మర్నాడు పొద్దున కింది సెన్సార్ కదిలితే నీళ్ళు వేర్లు దాటిపోయాయని, పది శాతం తగ్గించాలి. పైది 1480 దగ్గరికి రాకపోతే పది శాతం పెంచాలి. రెండూ బాగుంటే ముట్టుకోవద్దు.

ఇక్కడే నేను బుక్కయ్యా. సెన్సార్ ఉన్న చెట్టు డ్రిప్పర్ ఉప్పు పట్టి మూసుకుపోయింది. పాపం కంట్రోలర్‌కి అదేం తెలుసు, చెట్టు ఆరిపోతోంది అనుకుని తడి పెట్టినప్పుడల్లా పెంచుకుంటూ పోయింది, 90 కాస్తా 140 దాటింది. నేను ఫోన్‌లో గ్రాఫ్ చూస్తూ కూర్చుంటే మా నాన్న తోటలోంచి వచ్చి "మిగతా చెట్ల కింద తుంగ లేస్తోంది రా, చూస్కున్నావా" అన్నాడు. అప్పట్నుంచి తడి పెట్టినా పై సెన్సార్ అసలు కదలకపోతే టైం పెంచకుండా నాకు మెసేజ్ పంపేలా, మొదట పెట్టిన టైంకి ఒకటిన్నర రెట్లు దాటకుండా రాశా.

వైరింగ్‌లో రెండు మాటలు. సెన్సార్‌ని GPIO34 లాంటి ఏడీసీ1 పిన్‌కే ఇవ్వండి, వైఫై ఆన్‌లో ఉంటే ఏడీసీ2 పిన్నులు సరిగ్గా చదవవు. ఆ సెన్సార్ల బోర్డు అంచులు నీళ్ళు పీలుస్తాయి, ఎపాక్సీ పూయకుండా పాతితే కొన్నాళ్ళకి అంకెలు వాటంతటవే జారుతుంటాయి.

వాల్వులు మార్చేటప్పుడు ముందు రెండోది తెరిచి కాసేపాగి మొదటిది మూయండి, చివరి వాల్వ్ అయితే ముందు మోటార్ ఆపాలి. నేను తిరగేసి రాసిన రోజు సబ్‌మెయిన్ జాయింట్ ఊడి బురదలో మోకాళ్ళ మీద కూర్చుని సొల్యూషన్ పూసుకున్నా.